పోతన పాదం చివర నా వాక్యం: ఒక గోల్డెన్ షవెల్ డైరీ

మొదటి రోజు

గోల్డెన్ షవెల్ అనే కవితారూపం గురించి చదివినప్పటి నుంచీ తెలుగులో ఒకటి రాయాలని ఉంది. నియమం చిన్నదే. మనకు నచ్చిన కవిత నుంచి ఒక పాదం తీసుకోవాలి. అందులో ఎన్ని పదాలుంటే మన కవితలో అన్ని పాదాలు. మొదటి పదం మన మొదటి పాదం చివర, రెండోది రెండో పాదం చివర, అలా వరసగా రావాలి. మన కవిత కుడి అంచు మీదుగా పై నుంచి కిందికి చదివితే అసలు పాదం మళ్లీ వినబడుతుంది. పాదం ఎవరిదో తప్పకుండా చెప్పాలి.

ఈ రూపాన్ని మొదలుపెట్టింది అమెరికన్ కవి టెరెన్స్ హేస్. 2010లో వచ్చిన 'లైట్‌హెడ్' సంపుటిలో 'ద గోల్డెన్ షవెల్' అనే కవిత ఉంది. గ్వెండొలిన్ బ్రూక్స్ రాసిన 'వీ రియల్ కూల్' మొత్తాన్నీ, అంటే 24 పదాలనీ, ఆయన పాదాంతాలుగా వాడాడు. ఒకసారి వాడి ఊరుకోలేదు, రెండో భాగంలో అవే పదాలతో ఇంకోసారి రాశాడు. గోల్డెన్ షవెల్ అనేది బ్రూక్స్ కవితలో కుర్రాళ్లు పూల్ ఆడుకునే చోటు పేరు. ఆ పేరే రూపానికీ వచ్చింది.

మనకు ఇది పూర్తిగా కొత్తదేం కాదనిపించింది. అవధానంలో దత్తపది ఉంది కదా. పృచ్ఛకుడు నాలుగు పదాలిస్తే అవధాని వాటిని పద్యంలో ఇమిడ్చి చెబుతాడు. అక్కడ పదాలకు ఒకదానితో ఒకటి సంబంధం ఉండనక్కర్లేదు, పాదం చివరే రావాలన్న పట్టూ లేదు. ఇక్కడ పదాలన్నీ ఒకే వాక్యం నుంచి వస్తాయి, వాటి చోటు కూడా ముందే ఖాయమైపోతుంది. ఈ రెండో షరతే తెలుగులో అసలు కష్టమని అప్పటికి నాకు తెలియదు.

రెండో రోజు

ముందు గురజాడ పాదం పట్టుకున్నాను: "దేశమంటే మట్టికాదోయ్, దేశమంటే మనుషులోయ్". విడదీస్తే దేశమంటే, మట్టి, కాదోయ్, దేశమంటే, మనుషులోయ్. అయిదు పదాలు, అయిదు పాదాలు, సులువుగా అయిపోతుందనుకున్నాను.

సాయంత్రం దాకా కూర్చున్నా ఒక్క పాదమూ నిలబడలేదు. 'మనుషులోయ్' అన్న పదంలో ఆ 'ఓయ్' ఎదుటివాణ్ని పిలుస్తుంది. పాదం చివర అది ఉన్నంతవరకు నా కవిత కూడా ఎవరినో పిలిచి చెబుతున్నట్టే ఉంటుంది. పైగా ఈ పాదం తెలుగువాళ్లందరి నోళ్లలో నానింది. 'దేశమంటే' దగ్గరికి రాగానే చదివేవాళ్లు మిగతాదంతా తామే పూర్తి చేసేసుకుంటారు, నా మాట వినరు. పదాలు అరువు తెచ్చుకుంటే గొంతు కూడా వెంట వచ్చేసింది. పక్కన పెట్టేశాను.

పాదం ఎంచుకునేటప్పుడు ఒకటి చూసుకోవాలని అర్థమైంది. పదాలను విడివిడిగా కాగితం మీద రాసుకుని, ఒక్కోదాన్నీ అసలు కవితతో సంబంధం లేకుండా మామూలు మాటల్లో వాడగలనా అని అడగాలి. సగం పదాలైనా అలా వాడగలిగితేనే ఆ పాదం పనికొస్తుంది.

మూడో రోజు

పోతన దగ్గరికి వచ్చాను. భాగవతం అష్టమ స్కంధం, గజేంద్ర మోక్షంలోని ఉత్పలమాల మొదటి పాదం:

"ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపల నుండు లీనమై"

చిన్నప్పుడు అర్థం తెలియకుండానే కంఠస్థం చేసిన పద్యం. ఇప్పటికీ ఆ మొదటి పాదం పైకి అనుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఇంత ఇష్టమైన పాదాన్ని ముక్కలు చేయడానికి చెయ్యి రాలేదు, కాసేపు అలాగే కూర్చున్నాను.

విడదీయడంలోనే మొదటి నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. ఇంగ్లీషులో పదాల మధ్య ఖాళీ ఉంటుంది, లెక్కపెడితే సరిపోతుంది. ఇక్కడ సంధి ఉంది. 'జగమెవ్వని' అన్నది జగము, ఎవ్వని కలిసిన ఉత్వసంధి. దాన్ని ఒక పదంగా ఉంచేస్తే పాదం చివర పెట్టడానికి వీల్లేని ముద్దగా మిగులుతుంది. విడదీశాను. 'లోపల నుండు' ఇంకో చిక్కు. అక్కడి 'న' అసలు 'లోపలన్'లోని ద్రుతం, తర్వాత వచ్చిన అచ్చుతో కలిసి 'నుండు' అయింది. పదం మాత్రం 'ఉండు'. 'నుండు' అని పెట్టుకుంటే లేని పదాన్ని పెట్టుకున్నట్టే.

చివరికి తేలిన జాబితా: ఎవ్వనిచే, జనించు, జగము, ఎవ్వని, లోపల, ఉండు, లీనమై. ఏడు. నోటుబుక్కులో ఒక పేజీ కుడి అంచున వీటిని కిందికి రాసి, ఎడమవైపంతా ఖాళీగా వదిలేశాను.

నాలుగో రోజు

ఖాళీని ఎడమ నుంచి నింపుకుంటూ వెళ్లడం తప్పు పద్ధతి. రోజంతా అదే చేశాను. పాదం మొదలుపెట్టి, వాక్యం నడిపించి, చివరికి 'జగము' దగ్గరికి చేర్చాలని చూస్తే ప్రతిసారీ ఆ పదం వాక్యానికి అతికించినట్టు వేలాడింది.

కారణం తెలుగు వాక్యంలోనే ఉంది. మన వాక్యం సహజంగా క్రియతో ముగుస్తుంది. కానీ ఈ ఏడింట్లో వాక్యాన్ని ముగించగలిగేది 'ఉండు' ఒక్కటే, 'జనించు'కి ఆ శక్తి గ్రాంథికంలోనే ఉంది. మిగతావన్నీ తర్వాత ఇంకేదో రావాలని అడిగే పదాలు. 'ఎవ్వనిచే' అంటే ఏం జరిగిందో చెప్పాలి. 'ఎవ్వని' అంటే ఎవ్వని ఏమిటో చెప్పాలి. కాబట్టి ప్రతి పాదమూ మధ్యలో తెగి, వాక్యం కింది పాదంలోకి ప్రవహించాల్సిందే.

ఇంకోటి కూడా ఉంది. ఇంగ్లీషులో ఒక నామవాచకం పాదం చివర వస్తే దాని ముందు 'టు', 'ఆఫ్', 'ఇన్' ఏదైనా పెట్టి వాక్యంలో దాని పని మార్చేయొచ్చు, పదం రూపం మారదు. మనకు విభక్తి పదానికే అంటుకుంటుంది. 'జగము' అని పెట్టాక, కింది పాదాన్ని 'లో' అనో 'నకు' అనో మొదలుపెట్టలేను. అంటే 'జగము' నా వాక్యంలో కర్త అయినా కావాలి, రూపం మారకుండా ఉండగలిగే కర్మ అయినా కావాలి. అరువు తెచ్చుకున్న పదం తన వ్యాకరణాన్ని కూడా మూటగట్టుకుని వస్తుంది.

రాత్రి పద్ధతి మార్చాను. ప్రతి పదానికీ ఎడమవైపు ఏముండాలన్నది వదిలేసి, కింది పాదం ఏ మాటతో మొదలైతే ఆ పదం సహజంగా వినిపిస్తుందో వెతికాను. పని జరగాల్సింది పాదంలో కాదు, అతుకు దగ్గర.

అయిదో రోజు

అతుకులు ఒక్కోటీ పడ్డాయి.

'ఎవ్వనిచే' దగ్గర ముందు తట్టింది కర్మణి వాక్యం: "ఈ చీకటి ఎవ్వనిచే / మూయబడిందో". చదివితే ప్రభుత్వ ప్రకటనలా ఉంది. మనం మాట్లాడేటప్పుడు 'బడు' వాడం. ఒక గంట తర్వాత దొరికింది: 'చేత' మన వాడుకలో బతికే ఉంది, పని చేయించేటప్పుడు. "ఎవరిచేత చేయిద్దాం" అంటాం కదా. అప్పుడు "ఎవ్వనిచే / తీయించను ఈ తలుపు?" అని వచ్చింది. ప్రశ్న ప్రశ్నగానే ఉంది, వాక్యం తెలుగు వాక్యంలా ఉంది.

ఇంకో దారి కూడా ప్రయత్నించాను. హేస్ రెండో భాగంలో పదాలను విరిచాడు. నీరసించిన అనే అర్థమున్న 'వీకెన్డ్' మాటను పాదం చివర చీల్చి, 'వీ' పైన, మిగతాది కింద పెట్టాడు. 'రియల్'ని 'ఇథీరియల్'లో దాచాడు. అదే స్వేచ్ఛ తీసుకుని "ఎవ్వనిచే- / తనైనా అవుతుందా" అని రాసి చూశాను. కంటికి బాగుంది. పైకి చదివితే 'తనైనా' అనే కొత్త మాట విన్నట్టయింది. తెలుగులో ప్రత్యయాన్ని విరిస్తే చెవి ఒప్పుకోలేదు. తీసేశాను.

తలుపు అన్నాక విషయం కూడా దొరికింది. ఒకప్పుడు రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయి ఓ పది నిమిషాలు అందులో ఇరుక్కున్నాను. లైటు లేదు, ఫోన్‌లో సిగ్నల్ లేదు. గజేంద్రుడి గురించి రాయకూడదని మొదటే అనుకున్నాను, అసలు పద్యం చెప్పినదే మళ్లీ చెబితే ఆ పదాలు తెచ్చుకుని ఏం లాభం? కానీ పట్టుబడినవాడి భయం ఇక్కడా ఉంది, మొసలి లేకుండా.

'జగము' నన్ను అన్నిటికంటే ఎక్కువ సంతోషపెట్టింది. ఆ మాట ఇప్పుడు ఎవరం వాడం, కానీ "జగమెరిగిన సత్యం" అని రోజూ అంటాం. కాబట్టి "జగము / ఎరిగిన". పోతన పాదంలో 'జగము' తర్వాతి పదంతో ఏ సంధితో అంటుకుని ఉందో, నా దగ్గరా అదే సంధికి సిద్ధంగా ఉంది. మధ్యలో పాదం విరిగి, ఊపిరి తీసుకునే జాగా దాన్ని ఆపుతోంది.

'ఎవ్వని' ఇబ్బంది పెట్టింది. ఈ కాలపు చెవికి అది కటువు, మనం 'ఎవరి' అంటాం. మొదట "ఎవ్వని / పేరు పెట్టి పిలవను?" అని రాశాను. అది మళ్లీ గజేంద్రుడి ప్రశ్నే. తర్వాత "పొద్దున్నే ఎవ్వని / మొహం చూసి లేచానో" అని తట్టింది. విసుగులో, భయంలో మనం అనే మాట అది, అక్కడ ఆ కటుత్వమే కావాలి.

రాత్రికి మొదటి చిత్తు:

లిఫ్టు ఆగింది, రెండంతస్తుల నడుమ. ఎవ్వనిచే
తీయించను ఈ తలుపు? నా చెవుల్లో జనించు
గుండెచప్పుడు. ఒంటరితనం జగము
ఎరిగిన సంగతే, అయినా, పొద్దున్నే ఎవ్వని
మొహం చూసి లేచానో! ఈ ఇనుపపెట్టె లోపల
నా గొంతు నాకే తగిలింది. పైనుంచి ఎవరో, "ఉండు,
వస్తున్నా" అన్నారు. నిలబడ్డాను, ఆ మాటలో లీనమై.

'ఉండు' దగ్గర ఏమీ వెతకలేదు, దానంతట అదే వచ్చింది. పోతనలో అది 'ఉంటుంది' అని చెప్పే క్రియ. మన నోట అది 'ఆగు' అని. పదం అదే, పని మొత్తం మారిపోయింది.

ఏడో రోజు

ఒక రోజు ముట్టుకోకుండా వదిలేసి, ఇవాళ అక్కకు పంపాను. ఏ నియమంతో రాశానో చెప్పలేదు. నియమం తెలిసినవాళ్లు పాదాంతాలనే చూస్తారు. తెలియనివాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ అతుకు కనబడుతోందని లెక్క.

ఫోన్ చేసి పైకి చదవమన్నాను. 'జనించు' దగ్గర ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివి, మళ్లీ అక్కడే ఆగింది.

"ఇదేంట్రా, లిఫ్టులో ఉండి గ్రంథం మాట్లాడుతున్నావు?" అంది.

"మిగతావి?"

"మొహం చూసి లేచానో బాగుంది. ఒంటరితనం జగమెరిగిన సంగతే అంటే మాత్రం నాకేం కనబడలేదు. ఇంకోటి చెప్పనా? పైనుంచి ఎవరో అన్నావు. ముక్కూమొహం తెలియనివాళ్లు 'ఉండండి' అంటారుగానీ 'ఉండు' అంటారా?"

నేను ఏమీ అనలేకపోయాను. ఆ రోజు లిఫ్టు పైనుంచి నిజంగా పిలిచింది వాచ్‌మన్. అతను అన్నది కూడా "ఉండండి సార్" అనే. పదం మార్చడానికి నాకు హక్కు లేదు, 'ఉండు' పోతనది. 'ఉండండి' అని ఒక్కసారి ఒప్పుకుంటే మిగతా ఆరు పదాలు కూడా అరువుగా మిగలవు. మార్చగలిగింది ఒక్కటే, ఆ మాట అనే మనిషి.

ఎనిమిదో రోజు

నన్ను 'ఉండు' అనగలిగేవాళ్లెవరు? ఈ ప్రశ్నను జాబితా కింద రాసుకుని చాలాసేపు చూశాను. స్నేహితుడైతే 'ఆగరా' అంటాడు. అక్క కూడా 'ఉండరా' అంటుంది, ఆ 'రా' లేకుండా దానికి మాట రాదు. వంటగదిలోంచో, స్నానాల గదిలోంచో, పై అంతస్తు నుంచో, మనం రెండోసారి పిలవకముందే "ఉండు, వస్తున్నా" అనేది అమ్మ.

"పైనుంచి అమ్మ" అని రాసి కాసేపు కలం పక్కన పెట్టేశాను. పోతన పాదంలో రెండుసార్లు 'ఎవ్వడు' అన్న ప్రశ్న ఉంది. నా కవితలోనూ రెండుసార్లు ఉంది, ఎవ్వనిచే అని ఒకసారి, ఎవ్వని మొహం అని ఒకసారి. దానికి జవాబు వస్తుందని నేను అనుకోలేదు. పదాన్ని మార్చకూడదన్న నియమం లేకపోతే 'ఉండండి' అని రాసుకుని ముందుకెళ్లిపోయేవాణ్ని, అమ్మ ఈ కవితలోకి వచ్చేదే కాదు.

'జనించు' సంగతి కూడా తేలింది. పాత పదాన్ని మార్చలేను కాబట్టి దాని చుట్టూ ఉన్నవి మార్చాలి. 'నా చెవుల్లో జనించు' అన్నప్పుడు వాడుక మాట పక్కనే గ్రాంథికం వచ్చి అడ్డం పడుతోంది. 'నా' తీసేసి, 'చెవుల్లో' తీసేసి "చీకటిలో జనించు" అని పెట్టాను. చీకటి కూడా కొంచెం బరువైన మాట, రెండూ పక్కపక్కన ఒదిగాయి. పైగా ఇంకో మేలు జరిగింది. చీకటిలో ఏదో పుడుతోందంటే అదేమిటో తెలియక చదివేవాళ్లు కింది పాదంలోకి దిగుతారు. అక్కడ "చప్పుడు నా గుండెదే" అని తెలుస్తుంది. అంతకుముందు 'గుండెచప్పుడు' అని ఒకే మాటలో చెప్పేసి ఆ క్షణాన్ని పోగొట్టుకున్నాను.

'ఒంటరితనం' కూడా పోయింది. అక్క అన్నది నిజం, అందులో చూడటానికి ఏమీ లేదు. లిఫ్టు ఎందుకు ఆగిందో కవితలో ఎక్కడా లేదు కదా, దాన్నే అక్కడ పెట్టాను: కరెంటు పోవడం జగమెరిగిన సంగతే. 'అయినా' అన్న మాటకు కూడా ఇప్పుడు అర్థం వచ్చింది. అందరికీ తెలిసిన మామూలు విషయమే, అయినా ఇవాళ నాకే ఇలా జరగాలా అని.

తొమ్మిదో రోజు

'లీనమై' ఒక్కటి మిగిలింది. అది అసమాపక క్రియ, కవిత దాంతో ముగిస్తే వాక్యం తెగినట్టుంటుందేమోనని టెన్షన్ పడ్డాను. 'నిలబడ్డాను' ముందుకు తెచ్చి తిరగేయడం తెలుగుకి సహజమేనా అని కూడా. మళ్లీ పోతన పాదమే చూశాను. "లోపల నుండు లీనమై". ఆయనా క్రియను ముందు పెట్టి, 'లీనమై' తర్వాత పెట్టాడు. అసలు పాదం వరస ఎలా ఉందో నా చివరి రెండు పాదాల వరసా అలాగే ఉంది. అక్కడ ఆయన నడక నాకు దారి చూపించింది, వదిలేశాను.

పైకి అయిదారుసార్లు చదివాను. ప్రతి పాదాంతంలో చిన్నగా ఆగి, కింది పాదం మొదటి మాట లాగుతోందా లేదా అని విన్నాను. 'లోపల' దగ్గర లాగుడు కొంచెం తక్కువే. "లోపల / నా గొంతు" అన్నప్పుడు 'లోపల' అక్కడితో ఆగిపోయినా నష్టం లేదు. కానీ పెట్టెలో ఉన్నవాడికి అక్కడ ఒక గోడ తగలడం బాగానే ఉందనిపించి మార్చలేదు.

అక్కకు మళ్లీ పంపాను. ఈసారి నియమం కూడా చెప్పాను. కుడి అంచు వెంట కిందికి చదువుతూ వచ్చి, "లీనమై" అన్నాక, ఆగకుండా "యెవ్వనియందు డిందు" అంటూ పద్యం మిగతా భాగం అందుకుంది. చివరిదాకా చదివాక, "అమ్మకు చదివి వినిపించావా?" అంది.

రేపు వినిపిస్తాను. ప్రస్తుతానికి కవిత ఇది:

రెండంతస్తుల నడుమ
(పోతన పాదానికి)

లిఫ్టు ఆగింది, రెండంతస్తుల నడుమ. ఎవ్వనిచే
తీయించను ఈ తలుపు? చీకటిలో జనించు
చప్పుడు నా గుండెదే. కరెంటు పోవడం జగము
ఎరిగిన సంగతే, అయినా, పొద్దున్నే ఎవ్వని
మొహం చూసి లేచానో! ఈ ఇనుపపెట్టె లోపల
నా గొంతు నాకే తగిలింది. పైనుంచి అమ్మ, "ఉండు,
వస్తున్నా" అంది. నిలబడ్డాను, ఆ మాటలో లీనమై.